నో కాస్ట్ కౌంటరు సంధ్య

కరీంనగర్ రోడ్డు మీద పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూం ఒకటుంది. లోపలికి పోగానే గోడ నిండా టీవీలు, వాటి వెనుక ఫ్రిజ్‌లు, ఆ చివర వాషింగ్ మెషీన్లు. వీటన్నిటి మధ్యలో, ఎటు నుంచి ఎటు పోవాలన్నా కాలికి తగిలే చోట ఓ తెల్ల టేబులు. సంధ్య కూర్చునేది అక్కడే. ఆమెకు జీతమిచ్చేది షోరూం కాదు, కిస్తుల మీద సామాను ఇప్పించే ఫైనాన్సు కంపెనీ. జనానికి ఆ తేడాతో పనిలేదు. వాళ్ళకామె కిస్తుల మేడం.

పని మాత్రం బాగా ఎరిగిన మనిషి. ధర చెప్పకూడదు, నెల చెప్పాలి, అదీ ఆమె విద్య. ముప్పై అయిదు వేల ఫ్రిజ్ అంటే వచ్చినవాడు ఒకడుగు వెనక్కి వేస్తాడు. నెలకు మూడు వేలు కూడా పడదంటే రెండడుగులు ముందుకు వేస్తాడు. "వడ్డీ రూపాయి కూడ లేదన్నా, నో కాస్ట్" అని ఆమె నవ్వుతూ అన్నదంటే, ఇస్త్రీ పెట్టె కోసం వచ్చినవాడు ట్రాలీ ఆటో మాట్లాడుకుని పోవాల్సిందే.

వడ్డీ లేదన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. నిజం అంతకన్నా కాదు. రొక్కం చేతిలో పెట్టుకుని గట్టిగా బేరమాడే మనిషికి అదే ఫ్రిజ్ రెండు మూడు వేలు తగ్గి వస్తుంది. కిస్తుల మనిషికి ఆ తగ్గింపు ఉండదు. వడ్డీ అందులోనే పోయింది. దాని మీద ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది. అడగకపోయినా అంటించే ఎక్స్‌ట్రా వారంటీ ఉంటుంది. సంధ్యకు ఇవన్నీ కంఠతా వచ్చు. ఎవరైనా నిలదీసి అడిగితే చెబుతుంది కూడా. అడిగేవాళ్ళు ఎక్కడున్నారు? అందరి కళ్ళూ ఫ్రిజ్ తలుపు మీదే ఉంటాయి.

ఇంత తెలిసిన మనిషికి ఒక్క సంగతి మాత్రం చేతకాలేదు. ఇంకొకరు బాగుంటే చూసి ఓర్చుకోవడం. ఇంకొకరంటే ఊళ్ళో వాళ్ళందరూ కాదు. ఊరందరి మీదా ఏడవడానికి ఆమెకు తీరిక లేదు. ఉన్న కుళ్ళంతా ఒకే మనిషి మీద. ఆ మనిషి తోడబుట్టిన అక్క, శ్వేత.

ఇద్దరిదీ చిన్నకోడూరు. బాపు మగ్గం నేసేవాడు, అవ్వ పోచవ్వ బీడీలు చుట్టేది. సంధ్య డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైన రోజు, పోచవ్వ "మంచిగైంది బిడ్డా" అని మళ్ళీ బీడీల చాటలోకి తల దించుకుంది. ఇంటర్‌తో చదువు ఆపేసిన శ్వేత మొదటిసారి జాకెట్ కుట్టిన రోజు మాత్రం, అదే పోచవ్వ ఆ జాకెట్ తొడుక్కుని వాడంతా తిరిగింది. "మా పెద్దబిడ్డ కుట్టింది, సూడున్రి చేతులు ఎంత మంచిగ కూసున్నయో" అని కనపడ్డ ప్రతి మనిషికీ భుజం తిప్పి చూపించింది. సంధ్య ఆ రోజే అనుకుంది, నా సర్టిఫికెట్‌కు చేతులు కూర్చోవు గదా అని. ఆ మంట అప్పుడు అంటుకున్నది, ఇప్పటికీ ఆరలేదు.

పెళ్ళిళ్ళయి ఇద్దరూ సిద్దిపేటకే వచ్చారు. సంధ్య పెనిమిటి మధుసూదన్ ప్రైవేటు స్కూలు బస్సు నడుపుతాడు. శ్వేత పెనిమిటి పర్శరాములు ఇళ్ళకు కరెంటు పని చేస్తాడు. సంపాదనలో ఇటు వాళ్ళకూ అటు వాళ్ళకూ పెద్ద తేడా లేదు. కానీ శ్వేత ఇంటి ముందర గదిలో మిషిన్ పెట్టుకుంది. పెళ్ళిళ్ళ రోజులొస్తే ఆడవాళ్ళు చీరల కవర్లు పట్టుకుని గడపలో కూర్చుంటారు. సంధ్యతో పనిచేసే అమ్మాయి శ్రీజ కూడా ఓసారి, "మీ అక్కతోని కుట్టించుకున్న మేడం, ఒంటికి అతికినట్టున్నది" అంది. ఆ రోజు సంధ్యకు సాయంత్రం దాకా తలనొప్పి తగ్గలేదు.

అంతవరకు ఎట్లాగో సర్దుకుంది. వర్షాకాలంలో వచ్చిన కబురే ఆమెను నిలవనీయలేదు. శ్వేత సొంత దుకాణానికి షట్టర్ కిరాయికి తీసుకుంటోందట. పాత బస్టాండు వెనుక గల్లీలో, ఖుతుబుద్దీన్ సేటు కట్టించిన మడిగెల్లో ఒకటి. గాజు తలుపు, లోపల రెండు మిషిన్లు, సాయం కుట్టడానికి ఒక మనిషి. దసరా రోజు కొబ్బరికాయ కొడతారట. ఆ కబురు మోసుకొచ్చింది పోచవ్వే.

"బోర్డు మీద పేరు ఏస్తరట బిడ్డా! శ్వేత లేడీస్ టైలర్స్ అని. మన ఇంటి పేరుల దుకాన్ పెట్టినోళ్ళు ఎవరన్న ఉన్నరా ఇప్పటిదాంక?"

"దుకాన్ వెట్టుడు కాదవ్వా, నడ్పుడు ఉంటది" అంది సంధ్య.

"అది నడ్పుతది. దాని చేతుల అంత బర్కతి ఉన్నది."

నీ చేతిలో లేదని అవ్వ అనలేదు. అనకపోయినా సంధ్యకు అట్లాగే వినబడింది. పొద్దంతా గొంతు ఎండేట్టు మాట్లాడి ఊరి మీద లక్షల సామాను దించుతున్న తనకు ఒక ప్లాస్టిక్ కుర్చీ, మెడలో కంపెనీ కార్డు. సూది దారం పట్టుకున్న అక్కకు గాజు తలుపు మీద పేరు. ఆ పేరు ఎక్కకూడదు. అంత పచ్చిగా తనతో తాను అనుకోలేదు గానీ, ఆ రోజు నుంచి ఆమె మనసు తిరిగిందంతా ఆ షట్టర్ చుట్టూనే.

డబ్బు దారి కూడా అవ్వే చెప్పింది. అక్క వాళ్ళ గల్లీలో జబీన్ అనే ఆమె ఆడవాళ్ళతో చీటీ నడుపుతుంది. శ్వేత నెలకు ఆరువేలు కడుతోంది. దసరా నెలలో ఎత్తుకునే వరుస ఆమెదే, ఆ డబ్బే షట్టర్ అడ్వాన్సు. సేటు కూడా మంచివాడే. "దసరా దాకా ఆగుతా బేటీ, ఆ తర్వాత ఎవరొస్తే వాళ్ళకిస్తా" అన్నాడట. చీటీలో ఒకటే షరతు. ఆ నెల డబ్బు కట్టనివాళ్ళకు ఎత్తుకునే వరుస పోతుంది, తర్వాతివాళ్ళు ఎత్తుకుంటారు.

దసరాకు ఇంకా నెల పైన ఉండగా, ఒక పొద్దున షోరూం తలుపులు తీసి అగరువత్తులు ముట్టించారో లేదో, శ్వేత వచ్చింది. చేతిలో చిన్న పర్సు.

"మిక్సీ జార్ పగిలిందే. మంచిగ పన్జేసేటిది ఒక్కటి సూపియ్యి. ఎక్కువ ధరది వద్దు" అంది.

"కూసో అక్కా" అని సంధ్య ఎదురు కుర్చీ లాగింది. చాయ్ తెప్పించింది. అటుగా పోతున్న తన కంపెనీ మేనేజర్ రత్నాకర్‌ను ఆపి, "మా అక్క సార్" అని చెప్పింది. రత్నాకర్ నమస్తే పెట్టి, మంచి ఆఫర్లు ఉన్నాయి చూపించమని చెప్పి, అక్కడే కంప్యూటర్ పక్కన నిలబడ్డాడు. అంత మర్యాద శ్వేత ఎరగదు. కుర్చీ అంచున ఒదిగి కూర్చుంది.

"ఆధార్, పాన్ ఉన్నయా నీ తాన? ఊకనే సూస్త, నీకు ఎంత వస్తదో."

"నాకెందుకే?"

"సూస్తే పైసలు పోతయా?"

శ్వేత ఫోనుకొచ్చిన నంబరు చదివి చెప్పింది. మహిళా సంఘం అప్పు ఒక్క నెల తప్పకుండా కట్టిన మనిషి, బ్యాంకు ఖాతాలో కుట్టుకూలి క్రమం తప్పకుండా పడుతుంది. ఎనభై వేల దాకా ఇస్తామని తెర మీద పడింది. అది చూడగానే సంధ్యకు ఒకేసారి రెండు అనిపించాయి. ఒకటి, నాకు మొదటిసారి ఇంత రాలేదే అని. రెండోది ఏమిటో ఆమె చేతులకే ముందు తెలిసింది. అప్పటికే లేచి ఫ్రిజ్‌ల వైపు నడుస్తోంది.

సంగతి సూటిగా చెప్పాలి. పాపం టార్గెట్ ఒత్తిడి అనుకునేరు. ఆ నెల సంధ్య టార్గెట్ ముందురోజే నిండిపోయింది. పండుగ రోజులు, జనం వాళ్ళంతట వాళ్ళే వచ్చి మీద పడుతున్నారు. అక్కకు ఆ పొద్దు మిక్సీ ఇచ్చి పంపితే ఆమెకు పైసా నష్టం లేదు. ఆమె చేసిందంతా కడుపుమంటతోనే చేసింది.

డబుల్ డోర్ ఫ్రిజ్ తలుపు తెరిచి చల్లగాలి అక్క ముఖానికి తగలనిచ్చింది. వాషింగ్ మెషీన్ మూత ఎత్తి, "కుట్టుపని జేసే చేతులు అక్కా నీయి, సబ్బు నీళ్ళల్ల నానవెట్టుకుంటవా?" అంది. టీవీ పెట్టి, "పిల్లలు పక్కింట్లకు పోయి సూస్తున్నరంట గదా, బావ ఇజ్జత్ ఏంగావాలె?" అంది. ఒక్కోదానికి నెలకు ఇంత అని విడివిడిగా చెప్పింది. మూడూ కలిపి ఎంతో చెప్పలేదు. మూడూ కలిపితే ఆరున్నరవేల పైచిలుకు. చీటీ ఆరువేలు. ఆ లెక్క సంధ్య మనసులో అప్పటికే అయిపోయింది.

"షట్టర్ అడ్వాన్సుకు చీటీ కడుతున్ననే. అది ఆగొద్దు" అంది శ్వేత.

"చీటీ చీటీదే, కిస్తు కిస్తుదే. ఇయ్యాల నువ్వు ఒక్క రూపాయి ఇచ్చేది లేదు, సామాను మాత్రం పొద్దుగూకేసరికి ఇంట్ల ఉంటది. వచ్చే నెల అయిదు తారీఖు నుంచి దానంతట అదే బ్యాంకుల కట్ అయితది. నీకు యాది పెట్టుకునే పని కూడ లేదు."

శ్వేత చెల్లెలి ముఖంలోకి చూసింది. అక్కడే నిలబడ్డ రత్నాకర్ వైపు చూసింది. మళ్ళీ చెల్లెలి వైపు తిరిగి, "నువ్వు తీస్కొమ్మంటె తీస్కుంటనే" అంది.

అక్కకూ ఆశ ఉందన్నమాట, అనుకుంది సంధ్య. ఊళ్ళో అందరూ దేవతను చూసినట్టు చూసే మనిషి, ఫ్రిజ్ తలుపు చూసి పడిపోయింది. ఆ అనుకోవడంలో ఎంత తియ్యదనం ఉందో చెప్పలేం. మిక్సీకి శ్వేత తెచ్చుకున్న రొక్కం ఇచ్చింది. మిగతా మూడింటికీ ఫోటో దిగింది, ఆటో డెబిట్‌కు ఒప్పుకుని నంబరు చెప్పింది. కుర్చీలోంచి లేవబోతుంటే సంధ్య ఆమె ఫోను తీసుకుని ఇంకో యాప్ కూడా వేసిచ్చింది. ఇప్పుడు కొనుక్కో, వచ్చే నెల కట్టు అనే యాప్.

"పండుగకు బట్టలు గిట్ల కొనుక్కో అక్కా. పైసలు అవసరం లేదు, ఒక్క నొక్కుడే."

సామాను ఇంటికి చేరిన సాయంత్రం దాకా సంధ్య సంతోషంగానే ఉంది. సాయంత్రం అవ్వ ఫోన్ చేసింది. చిన్నకోడూరు నుంచి బస్సెక్కి మరీ వచ్చిందట చూడటానికి.

"అబ్బ, ఏం ఫ్రిజ్ బిడ్డా! రెండు తలుపులు! గల్లీల ఆడోళ్ళందరు వచ్చి సూసిపోతున్నరు. టీవీ అయితే గోడంత ఉన్నది. నా పెద్దబిడ్డ ఇల్లు సూస్తే కడుపు నిండింది."

చూశారా విచిత్రం! తన చేత్తో తాను అంటగట్టిన సామానే, తన నోటితో తాను పొగిడి అమ్మిన సామానే, అక్క ఇంట్లోకి పోయేసరికి సంధ్య కళ్ళలో కారం కొట్టింది. ఆ ఫ్రిజ్ అప్పు అని ఆమెకు తెలుసు. ఎన్ని నెలల అప్పో కూడా తెలుసు. తెలిసినంత మాత్రాన కుళ్ళు తగ్గుతుందా? తన ఇంట్లో సింగిల్ డోర్ ఫ్రిజ్, తలుపు కింద తుప్పు. అక్క ఇంట్లో డబుల్ డోర్. గల్లీ ఆడవాళ్ళు చూసిపోతున్నారట. ఆ మాట మనసులో అటూ ఇటూ దొర్లుతూనే ఉంది.

వారం తిరగకముందే సంధ్య తన పేరు మీద టీవీ తీసుకుంది. అక్కదానికంటే పది అంగుళాలు పెద్దది. మధుసూదన్ గోడకు బిగించిన దాన్ని చూసి, "మనం కూసునే జాగకు, టీవీకి మధ్యల నాలుగడుగులు లేదు గదనే, ఎవరి కోసం తెచ్చినవ్?" అన్నాడు. నో కాస్ట్ అంది. "ఆ మాట నా తాన అనకు" అన్నాడతను. అవ్వ ఆ టీవీ చూడటానికి రాలేదు. మోకాళ్ళు నొప్పులట.

బతుకమ్మ దగ్గరికి వచ్చింది. శ్వేత ఒక రోజు సంధ్య ఇంటికొచ్చి చీర చేతిలో పెట్టింది. ఆకుపచ్చ మీద ఎర్ర అంచు. అవ్వకొకటి, తనకొకటి, చెల్లెకొకటి తెచ్చిందట. పిల్లలకు బట్టలు, పర్శరాములుకు చెప్పులు కూడా.

"పైసలు యాడియి?" అంది సంధ్య.

"నువ్వేసిచ్చిన దాంట్లనే. ఒక్క నొక్కుడే అంటివి గదా" అని నవ్వింది శ్వేత. "ఎన్కట అయితే అవ్వకు ఒక్కతికే తెచ్చుడు. ఇప్పుడు పైసలు చేతిల నుంచి పోతున్నట్టే అనిపిస్తలేదు."

ఆ యాప్ తయారు చేసినవాళ్ళు కోరుకునేది ఆ అనిపించకపోవడమే. సంధ్య ఆ మాట అనలేదు. చీర బాగుంది, తనకు నప్పుతుంది, అక్క ఎంచింది గనుక నప్పుతుంది. అది కూడా ఆమెకు ఒళ్ళు మండే సంగతే.

అయిదో తారీఖు వచ్చింది. శ్వేత ఖాతాలోంచి మూడు కిస్తులు పొద్దున్నే పోయాయి. అదే రోజు చీరల యాప్ వాళ్ళవీ పోయాయి. కట్టేది ఎప్పుడో మనిషి ఇష్టం కాదిక్కడ, ఖాతాలో ఉన్నది ముందు వాళ్ళది. చీటీ పదో తారీఖు. ఎనిమిదో తారీఖున శ్వేత ఫోన్ చేసింది.

"సంధ్యా, చీటీకి తక్కువ వడ్డయే. మీ బావకు కంట్రాక్టరు ఇచ్చేటియి ఆగినయి. ఒక్క వారం సర్దుతవా? ఇప్పుడు కట్టకుంటె నా వరుస పోతది."

సంధ్య దగ్గర డబ్బు నిజంగానే సరిగా లేదు. టీవీ కిస్తు ఆమెదీ అయిదునే పోయింది. కానీ అడిగితే శ్రీజ ఇచ్చేది, రత్నాకర్ ఇచ్చేవాడు. ఉన్నా ఇచ్చేది కాదు, అదీ నిజం.

"నా తాన కూడ లేవక్కా" అంది.

"అయితే మంచిదే. నువ్వు ఫికర్ వెట్టుకోకు" అని శ్వేత ఫోన్ పెట్టేసింది.

గల్లీలో ఇంకెవరిని అడిగిందో, ఎవరు కాదన్నారో సంధ్యకు తెలియదు. జబీన్ మాట మాటే. ఆ నెల చీటీ ఇంకొకామె ఎత్తుకుంది. దసరా పోయింది. ఖుతుబుద్దీన్ సేటు ఇంకో రెండు రోజులు ఆగి చూసి, షట్టర్‌ను మొబైళ్ళు బాగుచేసే అర్హాన్ అనే అతనికి ఇచ్చేశాడు. ఆ వార్త అవ్వ ఏడుస్తూ చెప్పింది. సంధ్య "అయ్యో" అంది. ఆ మధ్యాహ్నం డబ్బాలో వట్టి పప్పు అన్నమే ఉంది, కానీ ఆమెకు చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా తగిలింది. ఇది చెప్పకుండా దాచి సంధ్యను మంచిదాన్ని చేయడం నాకు ఇష్టం లేదు.

ఆ నెల షోరూంలో అందరికంటే ఎక్కువ కిస్తులు రాసినందుకు రత్నాకర్ ఆమెకు శాలువా కప్పి కుక్కర్ ఇచ్చాడు. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. శ్వేత ఆ ఫోటో చూసి రెండు చేతులు జోడించిన బొమ్మ, పూల బొమ్మ పంపింది. సంధ్యకు ఆ పూలు చూస్తే చిరాకేసింది.

మరుసటి నెల కిస్తు బౌన్స్ అయినవాళ్ళ పేర్లు కంపెనీ నుంచి వచ్చాయి. ఎవరు రాసిన కిస్తులు మొదట్లోనే ఎగిరిపోతే వాళ్ళే పోయి అడగాలి, అదీ పద్ధతి. అందులో శ్వేత పేరు ఉంది. మూడుసార్లు ఉంది, ఒక్కో సామానుకు ఒక్కోసారి. పండుగ అయిపోయింది, పెళ్ళిళ్ళు ఇంకా మొదలు కాలేదు, కుట్టుపని లేని రోజులవి. ఖాతాలో డబ్బు లేకపోయేసరికి మూడూ తిరిగొచ్చాయి. ఒక్కోదానికి బ్యాంకు ఒక జుర్మానా వేస్తుంది, ఫైనాన్సు కంపెనీ ఇంకొకటి వేస్తుంది. యాప్ వాళ్ళది వేరే. సంఘం అప్పు ఒక్క నెల తప్పని మనిషి పేరు ఇప్పుడు ఆ పేర్లలో పడింది.

ఆదివారం మధ్యాహ్నం సంధ్య అక్క ఇంటికి పోయింది. పోయేటప్పుడు కూడా ఆమె మనసులో పెద్ద బాధేమీ లేదు. కష్టంలో ఉన్న అక్కను చూడాలని ఉంది. ఒక్కసారైనా అక్క తన ముందు తల దించుకుంటే ఎట్లా ఉంటుందో చూడాలని ఉంది.

శ్వేత మిషిన్ మీద ఉంది. చెల్లెను చూడగానే లేచి మంచినీళ్ళు తెచ్చింది. ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడు సంధ్య చూసింది. అంత ఫ్రిజ్‌లో రెండు నీళ్ళ సీసాలు, ఒక పెరుగు గిన్నె. టీవీ మీద లైనింగ్ గుడ్డ కప్పి ఉంది. కరెంటు బిల్లు పెరిగిందని పిల్లలను పెట్టనివ్వడం లేదట.

"కిస్తులు తప్పినయక్కా" అంది సంధ్య.

"ఎర్కయే. ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు. ఇయ్యన్ని వాపస్ ఇస్తే తీస్కుంటరా?"

"డబ్బా ఇప్పిన సామాను తీస్కోరు. లోన్ ఉండనే ఉంటది. ముందుగాల్ల బంద్ చెయ్యాల్నంటె మిగిలిందంత ఒక్కపారి కట్టాలె."

"అట్లనా" అంది శ్వేత. తల దించుకోలేదు. గొంతులో కోపం కూడా లేదు. మిషిన్ దగ్గరికి పోయి మళ్ళీ కూర్చుంది. "ఎల్లయ్యగారి కోడలి జాకెట్లు నాలుగున్నయి, రేపు పైసలిస్తది. ఒక కిస్తు కడ్త. నీకేం మాట రాదు గదా ఆఫీసుల?"

"నాకేం మాటొస్తది?"

"నేను తప్పిన అని నిన్నేం అనరు గదా?"

సంధ్యకు విసుగొచ్చింది. ఈ మంచితనమే ఆమెకు ఎప్పుడూ నచ్చనిది. "నీ షట్టర్ పాయె, నీ చీటీ పాయె. నా సంగతి ఎందుకక్కా నీకు? షట్టర్ కావాల్నంటివి, మల్ల టీవీ ఎందుకు తీస్కున్నవ్? ఫ్రిజ్ ఎందుకు తీస్కున్నవ్? నేను చూపించిన అనుకో, వద్దంటె అయిపోతుండె గదా!"

శ్వేత సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పింది.

"ఆషాడంల నువ్వు అవ్వ తాన ఏడ్సినవంట గదనే. టార్గెట్ కాలేదని ఆ సారు అందరి ముంగట తిట్టిండని, మల్లొకసారి కాకుంటె నౌకరిల నుంచి తీసేస్తరని. అవ్వ నాకు చెప్పింది. ఆ పొద్దు నేను మిక్సీ కోసమే వచ్చిన. ఆ సారు నీ పక్కకే నిలవడ్డడు, నువ్వేమో ఒక్కొక్కటి చూపిస్తున్నవ్, గొంతు ఎండుకపోతున్నది నీకు. తోడవుట్టినదాన్ని, నేనే కాదని లేస్తే ఆయన ముంగట నీ ఇజ్జత్ ఏం గావాలె? షట్టర్‌ది ఏమున్నది, ఇయ్యాల కాకుంటె రెండేండ్లకు తీస్కుంట. సదువుకున్నదానివి, నౌకరి పోతే మల్ల యాడ దొర్కుతది నీకు?"

సంధ్య నీళ్ళ గ్లాసు కింద పెట్టింది. ఫ్రిజ్ తలుపు చూసి పడిపోయిందనుకున్న మనిషి, ఆ రోజు ఫ్రిజ్‌ను చూడనే లేదు. అక్క ఆ రోజంతా తననే చూసింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది సంధ్య. ముందుగా వచ్చింది ఏడుపు కాదు, ఆ పాత మంటే. ఇందులో కూడా అక్కే పైన. ఇందులో కూడా తనే కింద. ఆ మంటకు ఇక అక్క మీద ఎక్కడా చోటు దొరకలేదు. తిరిగి వచ్చి తన మీదనే పడింది.

"నీ టార్గెట్ అయింది గదా, నాకు గంతే చాలు" అంది శ్వేత. "శాలువ కప్పిండ్రు, ఫోటో చూసిన. మీ బావకు కూడ చూపిచ్చిన."

చెప్పకుండా లేచిపోవచ్చు. ఒక కిస్తు తాను కట్టేసి, మంచి చెల్లె అనిపించుకుని పోవచ్చు. సంధ్య గుమ్మం వైపు ఒకసారి చూసింది కూడా. కానీ నోరు ఆగలేదు.

"నా టార్గెట్ ఆ దినానికంటె ముందటి దినమే అయిపోయిందక్కా. నువ్వు మిక్సీ తీస్కొని పోయినా నన్ను ఎవరు ఏమనకపోతుండె."

శ్వేత కాలు మిషిన్ మీద ఆగిపోయింది. చేతిలో ఉన్న జాకెట్‌ను మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది. సంధ్య నేల వైపు చూస్తోంది. శ్వేత అడిగింది, తిట్టినట్టు కాదు, షోరూంకు వచ్చిన మనిషి అర్థం కాక అడిగినట్టు అడిగింది.

"మరి గియ్యన్ని నాతోని ఎందుకు కొనిపిచ్చినవే?"

రోజుకు ఎంతమంది ఏమడిగినా నవ్వుతూ జవాబు చెప్పే కిస్తుల మేడం దగ్గర ఆ ఒక్కదానికి జవాబు లేక కాదు. జవాబు ఉంది. అది అక్క ముందు నోరు తెరిచి చెప్పడానికి మాత్రం ఆమెకు చేతకాలేదు.